‘పక్షులు ఎగురుతాయి’లో ‘అన్నీ’ ఎక్కడ దాక్కుంది?

కొత్తపలక:
మామూలు తెలుగు వాక్యాలను తర్కసూత్రాల్లోకి మార్చే పని చేస్తున్నాను. మొదట్లోనే ఇరుక్కుపోయాను. ‘పక్షులు ఎగురుతాయి’ అనే వాక్యానికి, ‘అన్నీ’ అని చెప్పే ∀ గుర్తు పెట్టి, నేను రాసింది ఇది:

```
∀x (Bird(x) → Flies(x))
```

పెంగ్విన్ ఒక్కటి చాలు, ఇది అబద్ధం అయిపోతోంది. కానీ వాక్యం అబద్ధమని ఎవరూ అనరు కదా. పోనీ ‘కొన్ని పక్షులు’ అనుకుని ∃ పెడితే, అదే లెక్కన ‘పక్షులు ఎగరవు’ కూడా నిజమైపోతోంది, ఎందుకంటే కొన్ని ఎగరవు. రెండూ కుదరడం లేదు. మధ్యలో ఏం పెట్టాలి?

బయాలజీ మాస్టారు:
బాబూ, పెంగ్విన్ కూడా పక్షే. ఈకలు, ముక్కు, గట్టి పెంకు ఉన్న గుడ్డు, ఇవీ పక్షి లక్షణాలు. ఎగరడం ఆ జాబితాలో లేదు. ‘పక్షులకు ఈకలుంటాయి’ అని రాసుకుంటే నీ సూత్రం చక్కగా సరిపోతుంది.

సగటుజీవి:
దీనికింత ఆలోచన దేనికి బ్రో? ‘అన్నీ’ బదులు ‘ఎక్కువ శాతం’ అని పెట్టు. సగానికి పైగా ఎగిరితే వాక్యం నిజం, లేకపోతే అబద్ధం. పక్షి జాతుల్లో ఎగరలేనివి చాలా తక్కువ. అయిపోయింది.

నానార్థం:
మాస్టారూ, అడిగింది పక్షి అంటే ఏమిటని కాదు. పెంగ్విన్ పక్షే అని అందరం ఒప్పుకున్నాకే ఈ చిక్కు మొదలవుతుంది. పైగా ఈకల వాక్యం కూడా మినహాయింపులకు లొంగదు. ఒక కోడికి జబ్బు చేసి ఈకలన్నీ రాలిపోతే ‘పక్షులకు ఈకలుంటాయి’ అన్న మాటను ఎవరూ వెనక్కి తీసుకోరు, ∀ పెట్టిన సూత్రం మాత్రం అబద్ధమైపోతుంది.

సగటుజీవి గారి జవాబు సగం సరైనదే. పక్షులకు పనికొస్తుంది, తేనెటీగల దగ్గరకొచ్చేసరికి బోల్తా పడుతుంది. ఓ తేనెపట్టు తీసుకోండి. రాణి ఒకటి, పోతుటీగలు కొన్ని వందలు, కూలి ఈగలు 20,000 అనుకుందాం. కూలి ఈగలన్నీ ఆడవే, కానీ రాణి ఉన్నంతకాలం అవి మామూలుగా గుడ్లు పెట్టవు. గుడ్లు పెట్టేది ఆ ఒక్క రాణే. ఇప్పుడు ఈ రెండు వాక్యాలు చూడండి:

‘తేనెటీగలు గుడ్లు పెడతాయి.’
‘తేనెటీగలు గొడ్డువి.’

మొదటిది నిజం. దాని వెనక ఉన్నది ఇరవై వేల పైచిలుకులో ఒకటి. రెండోది ఎవరూ ఒప్పుకోరు, దాని వెనక ఉన్నది దాదాపు పట్టు మొత్తం. ‘సగానికి పైగా’ అనే గీత గీస్తే రెండు జవాబులూ తలకిందులవుతాయి. గీతను ఎంత కిందికి దించినా లాభం లేదు. ఇరవై వేలలో ఒకటికి సరిపడేంత దించితే మిగతా అబద్ధాలన్నీ లోపలికి వచ్చేస్తాయి.

సగటుజీవి:
సరే, తేనెటీగ ప్రత్యేకమైన కేసు. అలాంటివి ఒకటీ అరా వదిలేయొచ్చు కదా?

నానార్థం:
అయితే నెమలిని చూడండి. ‘నెమలికి పొడవాటి పింఛం ఉంటుంది.’ పింఛం మగదానికే. ఆ మగది కూడా పెద్దదయ్యాకే, అదీ ఏటా వానాకాలం చివర్లో రాల్చేసుకుంటుంది. కాబట్టి ఏ రోజు లెక్కపెట్టినా పింఛం ఉన్న నెమళ్ళు సగానికి తక్కువే తేలతాయి. అయినా వాక్యం నిజం. ‘నెమలికి పింఛం ఉండదు’ అన్నది అబద్ధం, ఎక్కువ నెమళ్ళకు లేకపోయినా సరే. ఒకటీ అరా అని వదిలేయడానికి లేదు. దోమలు కుడతాయి, ఆడవే. బాతులు గుడ్లు పెడతాయి, ఎదిగిన ఆడవే. ఈ భాషలో మనం రోజూ చెప్పే మాటలే ఇవి.

సెమికోలన్:
మా కంప్యూటర్ల వైపు దీన్ని 1980ల్లోనే పట్టుకున్నారు. రైటర్ డిఫాల్ట్ తర్కం, మెకార్థీ సర్కమ్‌స్క్రిప్షన్, రెండూ 1980లోనే వచ్చాయి. ఆలోచన చిన్నదే: అడ్డం వచ్చే సమాచారం లేనంతవరకు ఎగురుతుంది అనుకో, వస్తే వెనక్కి తీసుకో. ప్రోలాగ్‌లో ఇలా ఉంటుంది:

```prolog
bird(ramachiluka).
bird(X) :- penguin(X).
penguin(pingu).
abnormal(X) :- penguin(X).
flies(X) :- bird(X), \+ abnormal(X).
```

`?- flies(ramachiluka).` అని అడిగితే `true`. `?- flies(pingu).` అంటే `false`. ∀ పెట్టిన చోట పింగు వచ్చిందంటే మొత్తం పరస్పర విరుద్ధం, ఆ తర్వాత దేన్నయినా రుజువు చేయొచ్చు. ఇక్కడ పింగు వస్తే దాని ఒక్కదాని జవాబే మారుతుంది. కొత్తపలకా, నీ పనికి ఇది చాలనుకుంటా.

కొత్తపలక:
బాగుంది సర్. మరి `abnormal` జాబితా ఎవరు రాయాలి? నిప్పుకోడి, ఈము, కివీ సరే. రెక్క విరిగిన పిచ్చుక? కళ్ళు తెరవని పిల్ల? ఇంకా గుడ్డులో ఉన్నది?

సెమికోలన్:
ఎదురైనప్పుడల్లా ఒక్కో వరస కలుపుకుంటూ పోవడమే. అందంగా ఉండదు, ఒప్పుకుంటా.

నానార్థం:
ఆ జాబితాకు అంతు లేకపోవడం ఒక ఇబ్బంది. దాన్ని తప్పించుకుందామని ‘మామూలువి కానివి తప్ప’ అన్నామనుకోండి, మామూలువి కానివి ఏవి అంటే ఎగరనివే అని చెప్పాల్సి వస్తుంది. అప్పుడు వాక్యం ‘ఎగరనివి తప్ప మిగతా పక్షులు ఎగురుతాయి’ అయి కూర్చుంటుంది. అది ఎలాగూ నిజమే. చేపల గురించి చెప్పినా నిజమే.

నాకు అంతకన్నా పెద్దగా కనిపించే ఇబ్బంది వేరే. మీ డిఫాల్ట్ నియమం చెప్పేది ఒక పక్షి కనపడితే ఏం ఊహించాలన్నది. ‘బాతులు గుడ్లు పెడతాయి’కి అదే పద్ధతిలో ఒక వరస రాయండి. ఇప్పుడు ఒక బాతు ఎదురైంది, ఆడో మగో తెలియదు. ఇది గుడ్లు పెడుతుందని ఊహిస్తామా? ఊహించం. అయినా వాక్యం నిజమేనని చెబుతాం. దోమ చేతి మీద వాలితే ‘దీనిలో మలేరియా ఉంది’ అనుకోం, కానీ ‘దోమలు మలేరియా తెస్తాయి’ అని గోడల మీద రాస్తాం. అంటే వాక్యం నిజం కావడం, దాన్నుంచి ఒక్కో ప్రాణి గురించి ఊహించగలగడం, ఈ రెండూ వేర్వేరు. డిఫాల్ట్ తర్కం రెండోదానికి కట్టిన యంత్రం.

పిట్టలదొర:
మీ తర్కం నాకు పూర్తిగా ఎక్కదు గానీ ఒక పిట్టను ఇస్తాను. కోయిల. మగది నిగనిగలాడే నలుపు, కన్ను ఎర్రగా ఉంటుంది. ఆడది గోధుమరంగు, ఒళ్ళంతా తెల్లటి చుక్కలు. మనం పాటల్లో వినే ‘కుహూ’ మగదాని కూత. ఆడది కిక్ కిక్ అని గబగబా అరుస్తుంది. కాకి గూట్లో గుడ్డు పెట్టేది మాత్రం ఆడదే.

ఇప్పుడు ‘కోయిల నల్లగా ఉంటుంది, కాకి గూట్లో గుడ్డు పెడుతుంది’ అంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ రెండు పనులూ చేసే కోయిల భూమ్మీద ఒక్కటీ లేదు.

నానార్థం:
దొరగారూ, మీరిచ్చింది చిన్న పిట్ట కాదు. ‘మామూలు కోయిలలు అన్నీ’ అనో, ‘లెక్కలోకి వచ్చే కోయిలలు అన్నీ’ అనో ఏ గుంపును పక్కన పెట్టినా, ఆ గుంపులో ప్రతి పిట్టా నల్లగానూ ఉండాలి, గుడ్డూ పెట్టాలి. అలాంటి గుంపు ఖాళీ. కాబట్టి ‘అన్నీ’ని కాపాడాలంటే ఒకే వాక్యంలో ఒకే కర్తకు గుంపును మధ్యలో మార్చాలి. నలుపు దగ్గర మగవి, గుడ్డు దగ్గర ఆడవి. అంటే ఏ గుంపును చూడాలో కర్త చెప్పడం లేదు, కర్త గురించి ఏదో ఒకటి చెప్పే భాగం, అంటే ఆఖ్యాతం, చెబుతోంది.

ఏరియల్ కోహెన్ 1999లో ఈ దారినే పట్టాడు. ప్రతి ఆఖ్యాతంతో పాటు దానికి పోటీ అయినవి కొన్ని ఉంటాయి. ‘గుడ్డు పెట్టడం’కి పోటీ ‘పిల్లల్ని కనడం’. ఈ రెంటిలో ఏదో ఒకటి చేసే బాతుల్ని మాత్రమే లెక్కలోకి తీసుకో అంటాడు. వంద బాతులున్నాయనుకోండి. పోతులు 50, పిల్లలు 20, ఎదిగిన ఆడవి 30. పోతులూ పిల్లలూ రెంటిలో ఏదీ చేయవు కాబట్టి బయటికి పోతాయి. మిగిలిన 30లో 30 గుడ్లే పెడతాయి. వాక్యం నిజం. ‘బాతులు ఆడవి’కి పోటీ ‘మగవి’. ఇక్కడ వందా లెక్కలోనే ఉంటాయి, ఆడవి సగానికి మించవు, వాక్యం అబద్ధం. తేనెపట్టుకూ ఇది పనిచేస్తుంది: గుడ్డో పిల్లో ఏదో ఒకటి పెట్టేది రాణి ఒక్కటే, అది పెట్టేది గుడ్డే.

సగటుజీవి:
అంటే చివరికి ‘సగానికి పైగా’ నే కదా! నేను చెప్పింది అదే.

నానార్థం:
గుంపును ఎంచడం మీరు చెప్పలేదు, అసలు పనంతా అక్కడే ఉంది. ☺ అయినా మీకు కొంత మార్కు ఇవ్వాల్సిందే. కానీ ఇది కోయిల నలుపు దగ్గర ఆగిపోతుంది. నలుపుకు పోటీ చుక్కల గోధుమరంగు. రెండూ కలిపితే అన్ని పెద్ద కోయిలలూ లెక్కలోకొస్తాయి, నల్లవి సగం. ‘కోయిలలు నల్లగా ఉంటాయి’ అంటే తల ఊపుతాం, ‘కోయిలలు గోధుమరంగులో ఉంటాయి’ అంటే ఊపం. అంకెలు ఒకటే, తీర్పులు వేరు.

పిట్టలదొర:
అక్కడ జాగ్రత్త. చాలామందికి ఆడ కోయిల ఎలా ఉంటుందో తెలియదు. చూసినా కోయిల అనుకోరు. ‘నల్లగా ఉంటాయి’ అని ఒప్పుకునేది వాక్యం నిజమై కాదు, తెలియక. మా పిట్టల గుంపులో ఎవరినైనా అడిగితే ‘మగది నల్లగా ఉంటుంది’ అని దిద్దుతారు. నెమలి విషయంలో మాత్రం ఎవరూ దిద్దరు, ఆడదానికి పింఛం లేదని అందరికీ తెలిసినా.

నానార్థం:
ఒప్పుకున్నాను. కోయిల నలుపును నా ఉదాహరణల్లోంచి తీసేస్తున్నాను. నెమలి ఉంటుంది.

విభక్తి:
అందరూ వాక్యంలో ఏదో ఒక కనపడని లెక్క ఉందని ముందే ఒప్పుకుని, అది ఎంత అని వెతుకుతున్నారు. ఆ మొదటి మెట్టు దగ్గరే నాకు అనుమానం. తెలుగులో ఒక పరీక్ష చేద్దాం. రెండు వాక్యాలను వ్యతిరేకంలోకి మార్చండి.

‘అన్ని పక్షులూ ఎగురుతాయి’ → ‘అన్ని పక్షులూ ఎగరవు.’
‘పక్షులు ఎగురుతాయి’ → ‘పక్షులు ఎగరవు.’

మొదటి వ్యతిరేకం మనకు ‘ఎగరనివి కూడా ఉన్నాయి’ అని వినపడుతుంది. అది నిజం. ‘అందరూ రారు’ అంటే కొందరు రారని అర్థమైనట్టే. రెండోది పచ్చి అబద్ధం. దానికి ‘ఎగరనివి కూడా ఉన్నాయి’ అనే అర్థం ఎంత గుంజినా రాదు. రెండో వాక్యంలో కంటికి కనపడని ‘అన్నీ’ ఉండి ఉంటే, కనపడే ‘అన్నీ’ లాగే వ్యతిరేకానికి లోబడాలి. లోబడటం లేదు.

ఇంకొకటి. ‘రాబందులు చాలా ఎత్తున ఎగురుతాయి, మన దేశంలో బాగా తగ్గిపోయాయి.’ 1990ల నుంచి పశువులకిచ్చే డైక్లోఫెనాక్ వల్ల అవి కుప్పకూలిన సంగతి తెలిసిందే. పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు. ఏ ఒక్క రాబందూ ‘తగ్గిపోదు’. తగ్గిపోయింది జాతి. ‘ప్రతి రాబందూ తగ్గిపోయింది’ అంటే నవ్వొస్తుంది. ఒకే కర్త పదం, అటు ఎగరడానికీ ఇటు తగ్గిపోవడానికీ సరిపోయింది. 1977లో గ్రెగ్ కార్ల్‌సన్ ఇంగ్లీషు గురించి చెప్పింది ఇదే: ఇలాంటి బహువచనం ఆ జాతికి పేరు, అంతే. మిగతా తేడాలన్నీ ఆఖ్యాతానివి.

తెలుగులో ఆ తేడా క్రియలోనే బయటపడుతుంది. ‘కుక్కలు మొరుగుతాయి’ జాతి మాట. ‘కుక్కలు మొరుగుతున్నాయి’ వీధిలో ఉన్న నాలుగు కుక్కల మాట. కర్త ఒక్క అక్షరం మారలేదు. కొత్తపలక గారూ, ఒక హెచ్చరిక: ‘ఎగురుతాయి’ అనే రూపమే రేపటి సంగతికి కూడా వాడతాం. ‘రేపు పావురాలు ఎగురుతాయి’ అంటే వేడుకలో వదిలేవి. మీ వాక్యాల్లో ఇవి కలిసిపోయే ప్రమాదం ఉంది. ముందు ‘రేపు’ పెట్టి చూడండి, అర్థం మారకుండా నిలబడితే అది జాతి వాక్యం కాదు.

సెమికోలన్:
జాతికి పేరు అంటే `Flies(bird_kind)` అని రాసేయడమేనా? మరీ సులువుగా ఉంది. అప్పుడు రామచిలుక ఎగురుతుందని దీన్నుంచి ఎలా రాబట్టాలి?

విభక్తి:
రాబట్టలేం. 2011లో డేవిడ్ లీబ్స్‌మన్ సరిగ్గా అలాగే అన్నాడు: లెక్క ఏదీ లేదు, జాతికి ఒక గుణం అంటగడుతున్నాం, అంతే. ఏ జాతికి ఏ గుణం ఎందుకు చెల్లుతుందన్నది మాటల అర్థాన్ని చూసే శాస్త్రం పని కాదు, ప్రపంచం పని అని.

నానార్థం:
అది సమస్యను పక్కింటి గోడ మీదుగా విసిరేయడం. పైగా ‘కోళ్ళు తమ పిల్లల్ని రెక్కల కింద దాచుకుంటాయి’ అనే వాక్యాన్ని చూడండి. ‘తమ’ అంటే ఎవరి? కోడి జాతి తన పిల్లల్ని దాచుకోదు. ఒక్కో కోడి తన పిల్లల్ని దాచుకుంటుంది. అంటే వాక్యం లోపల ఎక్కడో ఒక్కొక్క కోడి ఉంది, ఆ ఒక్కొక్కదాని మీదుగా నడిచేది ఏదో ఉంది. దానికి ఏ పేరైనా పెట్టుకోండి, పూర్తిగా లేదనలేం.

విభక్తి:
అక్కడ నాకు ఇంకా సరైన జవాబు లేదు, నిజమే. కానీ నీ వైపు కూడా దోమ ఉంది.

కొత్తపలక:
దోమ సంగతి ఏమిటి మేడమ్?

విభక్తి:
‘దోమలు మలేరియా తెస్తాయి.’ అనాఫిలిస్ దోమలు కాక మిగతావి తేవు. వాటిలో ఆడవే తెస్తాయి. ఆ ఆడవాటిలోనూ పరాన్నజీవి పట్టినవే. చివరికి మిగిలేది ఎంత చిన్న భాగమో ఊహించండి. కోహెన్ పోటీల లెక్క ఇక్కడ సాయపడదు. మలేరియాకు పోటీ ‘డెంగ్యూ’ అని పెట్టుకున్నా ఏ రోగమూ మోయని దోమలు బయటికి పోతాయి గానీ, మిగిలినవాటిలో మలేరియాది సగానికి పైగా అని ఎవరు చెప్పాలి? అందుకే ఆయన ఇలాంటి వాటికి వేరే అర్థం ఇచ్చాడు: మిగతా పురుగుల కన్నా దోమకు ఆ అవకాశం ఎక్కువైతే చాలని. అలా ఐతే, వేరే పిట్టల కన్నా బాతుల్లో ఆడవి కొద్దిగా ఎక్కువ అని తేలిన రోజు ‘బాతులు ఆడవి’ కూడా నిజం కావాలి. కాదు కదా?

సారా-జేన్ లెస్లీ 2007, 2008 వ్యాసాల్లో చెప్పింది వేరు. ప్రాణం మీదికి తెచ్చే గుణమైతే కొద్దిమందిలో ఉన్నా మనసు దాన్ని జాతికి అంటగడుతుంది, ఎందుకంటే ముందే జాగ్రత్తపడటం మంచిది. ఆమె షరతు ఒకటుంది: ఆ గుణం లేనివాటికి అది వట్టిగా లేకపోవాలి, అంతే; దానికి ఎదురైన గుణం ఒకటి వాటికి ఉండకూడదు. మలేరియా లేని దోమకు మలేరియా లేదు, అంతే. ఎగరని పక్షి కూడా అంతే. ‘బాతులు ఆడవి’లో మాత్రం మిగతావి మగవి, అది ఎదురు గుణమే. అందుకే అది పడిపోతుంది.

నానార్థం:
నెమలి? ఆడదానికి పింఛం ‘లేదు’, అది వట్టి లేమే. సరిపోయింది. దోమ మీద మాత్రం నాకు ఇంకో దారి కనపడుతోంది. గోడ మీద ఆ వాక్యం చదివేవాడికి అది దోమ గురించిన కబురా, మలేరియా గురించిన కబురా? ‘మలేరియా తెచ్చేది దోమలు’ అని తిప్పి రాస్తే అర్థం ఏమీ పోదు. నా ఉద్దేశం, అది మలేరియా గురించిన వాక్యం. మలేరియా వచ్చిన ప్రతి చోటా దాదాపుగా దోమే తెస్తుంది. అప్పుడు ప్రాణభయంతో పని లేదు.

విభక్తి:
‘నెమలి పిల్లల్ని కాపాడుతుంది’ని అలా తిప్పితే పోతుంది. దోమను తిప్పగలిగినంత మాత్రాన అన్నీ తిరగవు. ‘దోమలు ఏం చేస్తాయని అడిగితే’ అని మొదలుపెట్టి, ‘మలేరియా తెస్తాయి’ అంటే అది దోమ గురించిన వాక్యమే, అప్పుడూ నిజమే.

సగటుజీవి:
ఒక సందేహం. ఇంత తక్కువ ఉన్నా ఒప్పుకుంటే, వినేవాడు ఏమనుకుంటాడు? నాకైతే ‘పక్షులు ఎగురుతాయి’ అంటే దాదాపు అన్నీ అనే వినపడుతుంది.

నానార్థం:
మీరు పట్టుకున్నది అసలు ముల్లు. సింపియన్, బ్రాండోన్, గెల్‌మన్ 2010లో దీన్నే పరీక్షించారు. లేని జంతువుల పేర్లు కల్పించి, వాటిలో ఒక గుణం 10 శాతానికో 30 శాతానికో 50, 70, 90 శాతానికో ఉందని కొందరికి చెప్పి, ఈ వాక్యం ఒప్పుకుంటారా అని అడిగారు. ఇంకొందరికి వాక్యమే చెప్పి, ఎంత శాతానికి ఉంటుందనుకుంటున్నారని అడిగారు. ఒప్పుకోవడానికి తక్కువ శాతమే చాలింది. వాక్యం వింటే మాత్రం దాదాపు అన్నిటికీ ఉంటుందనుకున్నారు. చెప్పేటప్పుడు ఒక తూకం, వినేటప్పుడు ఇంకో తూకం. ‘ఫలానా ఊరివాళ్ళు మోసగాళ్ళు’ లాంటి మాటలు ఇద్దరు ముగ్గుర్ని చూసి పుట్టి, ఊరందరికీ అంటుకునేది ఈ సందులోంచే. ‘అన్నీ’ వాడి ఉంటే ఒక్క నిజాయితీపరుణ్ణి చూపించి నోరు మూయించొచ్చు. ఈ వాక్యాన్ని అలా మూయించలేం.

బయాలజీ మాస్టారు:
పాముల సంగతీ ఇంతే. మన దగ్గర ఎక్కువ పాములకు విషం లేదు, అయినా జనం ‘పాములు విషజంతువులు’ అనేసి కనపడ్డ జెర్రిపోతునల్లా కొట్టేస్తారు. ఇప్పుడు మీరనేది అర్థమైంది.

కొత్తపలక:
∀ తీసేశాను. ఇలాంటి వాక్యాలకు `Gen[Bird(x)][Flies(x)]` అని వేరే గుర్తు పెట్టి, పక్కన రెండు గడులు ఉంచాను. ఒకటి: ఈ వాక్యం నుంచి ఒక్కో ప్రాణి గురించి ఊహించవచ్చా, లేదా. పక్షికి అవును, బాతుకు కాదు, దోమకు కాదు. రెండోది: ‘రేపు’ పరీక్ష. ‘తగ్గిపోయాయి’, ‘అంతరించిపోయాయి’ లాంటివి `Gen` లో వేయకుండా జాతి పేరుకే ఇచ్చాను. రాబందుల వాక్యాన్ని మాత్రం రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది.

విభక్తి:
ముక్కలు చేస్తే ఒకే కర్త అన్న సంగతి పోతుంది కదండీ. నేను ఆ వాక్యం తెచ్చిందే దానికోసం.

కొత్తపలక:
తెలుసు మేడమ్. ఆ గడి ఖాళీగా వదిలాను.